కోచింగ్ రివ్యూ: మరో తల్లిదండ్రులకు పనికొచ్చేలా రాయడం ఎలా?

ఏప్రిల్, మే నెలల్లో పదో తరగతి పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇంచుమించు ఒకే ఫోన్ సంభాషణ జరుగుతుంది. "అన్నయ్యా, మీ పాపను చేర్చిన చోట చదువు ఎలా ఉంది?" అని అడుగుతారు. "బాగానే ఉందమ్మా, కాస్త స్ట్రిక్ట్‌గా ఉంటారు, పిల్ల కష్టపడితే వస్తుంది" అని జవాబు వస్తుంది. ఫోన్ పెట్టేశాక తెలిసింది ఏమీ ఉండదు. ఆ ముక్క ఏ కోచింగ్ సెంటర్ గురించైనా చెప్పొచ్చు. ఇంటర్నెట్‌లో కనిపించే రివ్యూలూ ఇలాగే ఉంటాయి. ఐదు నక్షత్రాలు, "ఎక్సలెంట్ ఫ్యాకల్టీ" ఒకవైపు, ఒక నక్షత్రం, "డబ్బు దోపిడీ" మరోవైపు. రెండూ నిజమే కావచ్చు. అయినా రెండు సంస్థలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి వాటిలో ఏదీ సాయం చేయదు.

రెండేళ్లు ఫీజు కట్టి, పిల్లల్ని దింపి, తెచ్చుకుని, వీక్లీ టెస్టుల మెసేజ్‌లు చదివిన తల్లిదండ్రుల దగ్గర ప్రకటనల్లో కనిపించని సమాచారం చాలా ఉంటుంది. దాన్ని మరొకరు పోల్చుకోగలిగేలా ఎలా రాయాలన్నదే ఈ వ్యాసం. ఉదాహరణకు జేఈఈ కోచింగ్‌ను తీసుకుందాం. నీట్‌కూ, ఈఏపీసెట్‌కూ లెక్క ఇదే.

ముందుగా దేని గురించి రాస్తున్నారో చెప్పండి

సంస్థ పేరు మీద రివ్యూ రాయడమే మొదటి పొరపాటు. ఒకే బోర్డు కింద హైదరాబాద్‌లోనే పదుల సంఖ్యలో క్యాంపస్‌లు నడిచే సంస్థలున్నాయి. ఒక క్యాంపస్‌లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు, ఇంకో క్యాంపస్‌లో ఫిజిక్స్ చెప్పే మాస్టారు ఒకరు కాదు. ఒకే క్యాంపస్‌లోనూ పై బ్యాచ్‌కు ఒక బృందం, కింది బ్యాచ్‌కు ఇంకో బృందం చెప్పడం మామూలే. కాబట్టి రివ్యూ మొదటి రెండు వాక్యాల్లో ఈ నాలుగూ ఉండాలి: ఏ బ్రాంచి, ఏ ప్రోగ్రాం (రెండేళ్ల ఇంటిగ్రేటెడ్, లాంగ్ టర్మ్, వారాంతపు క్లాసులు వగైరా), ఏ బ్యాచ్, ఏ సంవత్సరాలు. డే స్కాలరా, హాస్టలా అన్నది కూడా. హాస్టల్ పిల్లవాడి అనుభవం వేరు, రోజూ ఇంటికొచ్చే పిల్లవాడి అనుభవం వేరు.

దీనికి మరొకటి జోడించాలి. ఫీజు రసీదు ఎవరి పేరున ఇచ్చారు? మన రాష్ట్రాల్లో ఇంటర్ కాలేజీ, కోచింగ్ ఒకే గోడల మధ్య నడుస్తాయి. కొన్నిచోట్ల ఒక రసీదు కాలేజీ నడిపే సొసైటీ పేరున, రెండోది కోచింగ్ కంపెనీ పేరున వస్తుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, రేపు మధ్యలో మానేసి ఫీజు వెనక్కి అడిగే రోజున ఎవర్ని అడగాలో ఆ రసీదే నిర్ణయిస్తుంది. చేరబోయేవాళ్లకు ఇది ముందే తెలిస్తే మంచిది.

ఫలితాల లెక్క: కింద ఉండాల్సిన అంకె

కోచింగ్ ప్రకటనలన్నిటిలో భిన్నంలోని పై అంకె మాత్రమే ఉంటుంది. "మా విద్యార్థులు 38 మంది అడ్వాన్స్‌డ్‌కు అర్హత సాధించారు" అంటారు. ఎంతమందిలో 38 అన్నది ఉండదు. కింది అంకె లేకుండా పై అంకెకు అర్థం లేదని అందరికీ తెలుసు. ఆ కింది అంకె తమ ఫోన్‌లోనే ఉందన్న సంగతి మాత్రం చాలామంది తల్లిదండ్రులు గమనించరు.

వీక్లీ టెస్ట్ అయ్యాక వచ్చే మెసేజ్ చూడండి. మార్కులతో పాటు ర్యాంకు ఉంటుంది. చాలా సంస్థలు "41/120" అన్నట్టు రాస్తాయి. ఆ 120 అనేది ఆ రోజు పరీక్ష రాసిన పిల్లల సంఖ్య. మొదటి నెల మెసేజ్, ఏడాది తర్వాతి మెసేజ్, చివరి గ్రాండ్ టెస్ట్ మెసేజ్ పక్కపక్కన పెడితే బ్యాచ్ ఎలా పెరిగిందో, తరిగిందో కనిపిస్తుంది. ఒక్కో టెస్టుకు నలుగురైదుగురు గైర్హాజరు కావచ్చు కాబట్టి వరసగా మూడు నాలుగు టెస్టుల్లో పెద్ద అంకెను తీసుకోవడం మేలు.

ఎందుకు ఇంత పట్టింపు? ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. గుంటూరుకు చెందిన ఒక తండ్రి తన కూతుర్ని 2023 జూన్‌లో హైదరాబాద్‌లో ఒక క్యాంపస్‌లో చేర్చాడనుకుందాం. దాన్ని మొదటి సంస్థ అందాం. ఆయన ఫోన్‌లో మెసేజ్‌ల ప్రకారం బ్యాచ్‌లో 2023 జులైలో 120 మంది ఉన్నారు. 2024 ఫిబ్రవరికి 94 మంది, 2024 డిసెంబర్‌కు 71 మంది మిగిలారు. మెయిన్ ఫలితాలొచ్చాక ఆ బ్యాచ్ నుంచి 38 మంది అడ్వాన్స్‌డ్‌కు అర్హత పొందారని క్యాంపస్ చెప్పింది. ఆయన తోడల్లుడి కొడుకు రెండో సంస్థలో చదివాడు. అక్కడ మొదట 60 మంది, చివర్లో 57 మంది, అర్హత పొందినవాళ్లు 23 మంది.

చివర్లో మిగిలినవాళ్లను బట్టి లెక్కేస్తే మొదటి సంస్థలో 71కి 38, అంటే సుమారు 54 శాతం. రెండో సంస్థలో 57కి 23, అంటే 40 శాతం. మొదటిదే నయమనిపిస్తుంది. మొదట చేరినవాళ్లను బట్టి లెక్కేస్తే మొదటిదానిలో 120కి 38, అంటే 32 శాతం. రెండోదానిలో 60కి 23, అంటే 38 శాతం. తీర్పు తిరగబడింది.

ఇక్కడే ఆగి "మొదటి సంస్థ మోసం చేసింది" అని రాసేస్తే అది న్యాయమైన రివ్యూ కాదు. బ్యాచ్ నుంచి వెళ్లిన 49 మంది ఏమయ్యారో ఆ తండ్రికి తెలియదు. కొందరు కింది బ్యాచ్‌కు మారి ఉంటారు, కొందరు ఇంకో క్యాంపస్‌కు వెళ్లి ఉంటారు, కొందరు జేఈఈ వద్దనుకుని ఈఏపీసెట్ మీద పడి ఉంటారు. వాళ్లలోనూ కొందరు అర్హత పొంది ఉండొచ్చు. కొత్తగా ఎవరూ చేరలేదనుకుంటే, మొదటి 120 మందిలో అర్హత పొందినవాళ్లు 38కి తగ్గరు. వెళ్లిపోయిన 49 మందీ అర్హత పొందారనుకున్నా 87కి మించరు. అంటే అసలు శాతం 32కి, 72.5కి మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. రెండో సంస్థలో వెళ్లింది ముగ్గురే కాబట్టి అక్కడ 38కి, 43కి మధ్య ఉంటుంది. ఆ 49 మందీ నెగ్గి ఉంటారని నేను నమ్మను. పై బ్యాచ్ నుంచి కిందికి జారినవాళ్లలో అర్హత శాతం తక్కువగా ఉండటమే సహజం. కానీ అది నా ఊహ. రివ్యూలో రాయాల్సింది మాత్రం మూడు అంకెలూ, "వెళ్లిపోయిన 49 మంది సంగతి మాకు తెలియదు" అన్న వాక్యమూ. చదివేవాళ్లు తమ లెక్క తాము వేసుకుంటారు. ఒక సంస్థ గురించి ఖాయంగా ఏమీ చెప్పలేకపోవడం, ఇంకోదాని గురించి దాదాపు ఖాయంగా చెప్పగలగడం కూడా పనికొచ్చే సమాచారమే.

మధ్యలో ఇతర క్యాంపస్‌ల నుంచి మంచి ర్యాంకర్లను తెచ్చి ఈ బ్యాచ్‌లో కలిపారా అన్నది పిల్లల్ని అడిగితే చెబుతారు. కలిపితే పైన చెప్పిన 38 అనే కింది హద్దు కూడా నిలవదు. ఎంతమందిని, ఎప్పుడు కలిపారో రాయాలి.

ఇక "అర్హత" అనే మాట. అదీ ఏటా ఒకటి కాదు. మెయిన్ నుంచి అన్ని కేటగిరీలూ కలిపి సుమారు రెండున్నర లక్షల మందిని అడ్వాన్స్‌డ్‌కు పంపుతారు. జనరల్ కేటగిరీ కటాఫ్ 2023లో 90.78 పర్సంటైల్ ఉంటే 2024లో 93.24కి పెరిగింది. ఒక సంస్థ 2023 ఫలితాన్ని, మరో సంస్థ 2024 ఫలితాన్ని పోల్చడం కుదరదు. రిజర్వేషన్ కటాఫ్‌లు వేరు కాబట్టి "ఇంతమంది అర్హులు" అన్న మాటలో వేర్వేరు స్కోర్లు కలిసి ఉంటాయి. పర్సంటైల్ అంటే మార్కుల శాతం కాదని మళ్లీ చెప్పక తప్పదు. 97 పర్సంటైల్ అంటే రాసినవాళ్లలో 97 శాతం మంది స్కోరు మీ పిల్లవాడి స్కోరుకు సమానంగానో తక్కువగానో ఉందని అర్థం.

బ్యాచ్‌లోకి ఎవర్ని తీసుకున్నారన్నది కూడా ఈ లెక్కలో భాగమే. స్క్రీనింగ్ టెస్ట్ పెట్టి ఏరిన 120 మందికీ, ఫీజు కట్టిన ఎవరినైనా తీసుకున్న 60 మందికీ తేడా ఉంది. ఏరిన పిల్లల్లో 54 శాతం నెగ్గడం కన్నా ఏరని పిల్లల్లో 40 శాతం నెగ్గడం పెద్ద సంగతి కావచ్చు. "మా అమ్మాయికి ప్రవేశ పరీక్షలో ఇంత వచ్చింది, స్కాలర్‌షిప్ ఇంత ఇచ్చారు, పదిలో ఇన్ని మార్కులు" అని రాస్తే ఆ స్థాయి పిల్లలున్న తల్లిదండ్రులు ఈ రివ్యూ తమకు వర్తిస్తుందో లేదో తేల్చుకోగలరు.

ర్యాంకు పెరిగిందా, బ్యాచ్ తగ్గిందా?

ఆ గుంటూరు తండ్రి రివ్యూలో "మా పాప ర్యాంకు 41 నుంచి 34కి మెరుగుపడింది" అని రాశాడనుకోండి. అబద్ధం కాదు. కానీ 120 మందిలో 41 అంటే ముందున్న మూడో వంతు దగ్గర ఉన్నట్టు. 71 మందిలో 34 అంటే దాదాపు మధ్యలో ఉన్నట్టు. ర్యాంకు మెరుగైంది, స్థానం దిగింది. అలాగని చదువు దిగజారిందనీ చెప్పలేం. వెళ్లిపోయినవాళ్లలో ఎక్కువమంది వెనకబడినవాళ్లే అయితే, పాప ఉన్నచోటే ఉన్నా స్థానం అలాగే కనిపిస్తుంది. సంస్థ ఇచ్చే ర్యాంకు, అక్కడి ఇతర పిల్లలతో పోలిక మాత్రమే. అది పాప ఎంత నేర్చుకుందో చెప్పదు.

దానికి బయటి కొలత కావాలి. గత సంవత్సరాల జేఈఈ మెయిన్ పేపర్ ఒకటి తీసుకుని, ఇంట్లో మూడు గంటలు గడియారం పెట్టి రాయించండి. ఆరేడు నెలలకొకసారి, ప్రతిసారీ వేరే సంవత్సరం పేపర్. మొత్తం 300 మార్కులకు ఎంత వచ్చిందో రాసుకోండి. మా ఉదాహరణలో 2024 జనవరిలో 74, ఆగస్టులో 128, డిసెంబర్‌లో 151 అనుకుందాం. ఇందులో సిలబస్ పూర్తికావడం వల్ల వచ్చిన పెరుగుదలా ఉంది, పేపర్ల మధ్య కష్టంలో తేడా కూడా ఉంది. అందుకే ఈ అంకెలను సంస్థ గొప్పతనానికి రుజువుగా చూపకూడదు. ఒక్క పిల్ల ప్రయాణం ఒక్క పిల్లదే. అయినా "ర్యాంకు పెరిగింది" అనేదానికన్నా ఇది నిజానికి దగ్గరగా ఉంటుంది.

పాఠం బాగుందని చెప్పడం కాదు, ఏం జరిగిందో చెప్పడం

"ఫ్యాకల్టీ బాగుంది" అన్న మాట ఇద్దరు చెబితే రెండు అర్థాలుంటాయి. ఒకరికి జోకులు వేసే మాస్టారు మంచి మాస్టారు, ఇంకొకరికి బోర్డు నిండా లెక్కలు చేసే మాస్టారు. దీన్ని కొలవడానికి నాకు తెలిసి ఉన్న మార్గం ఒకటే, అదీ పూర్తిగా సరైనది కాదు. అభిప్రాయాన్ని పక్కనపెట్టి జరిగిన సంగతులు లెక్కపెట్టడం.

వాటిలో మొదటిది మాస్టార్లు మారడం. రెండేళ్లలో ఒక సబ్జెక్టుకు ముగ్గురు మారితే, ప్రతి మార్పులోనూ ఒక అధ్యాయం సగంలో ఆగి, మళ్లీ మొదటికొచ్చి, చివర్లో పరుగు పెడుతుంది. ఈ రంగంలో మంచి మాస్టార్లను ఒక సంస్థ నుంచి మరో సంస్థ ఎగరేసుకుపోవడం రోజూ జరిగేదే. అందుకని సంస్థను తప్పుపట్టలేకపోవచ్చు. కానీ "ఫిజిక్స్ మాస్టారు 2023 నవంబర్‌లో, 2024 ఆగస్టులో మారారు" అని రాయొచ్చు. పేర్లు అక్కర్లేదు.

రెండోది సిలబస్ ముగిసిన తేదీ. చాలా క్యాంపస్‌లు ఏడాది మొదట్లో ముద్రించిన షెడ్యూలు ఇస్తాయి. దాన్ని ఫొటో తీసి దాచండి. నవంబర్ 15కి పూర్తవుతుందన్నది డిసెంబర్ 28కి పూర్తయితే, మెయిన్ మొదటి సెషన్ జనవరి చివర్లో ఉంటే, రివిజన్‌కు ఎన్ని వారాలు మిగిలాయో చెప్పనక్కర్లేదు. "పూర్తయింది" అని సంస్థ చెప్పేదానికీ, పిల్ల నోట్‌బుక్‌లో చివరి అధ్యాయం తేదీకీ ఒక్కోసారి తేడా ఉంటుంది. నోట్‌బుక్‌నే నమ్మండి.

మూడోది డౌట్ల సంగతి. నాకు వీటన్నిటిలో ఇదే ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే వందమంది కూర్చున్న గదిలో పాఠం ఎంత బాగా చెప్పినా పిల్ల ఎక్కడ ఆగిపోయిందో తేలేది డౌట్ అడిగినప్పుడే. దీనికి నాలుగు వారాల చిట్టా చాలు. పిల్లను రోజూ రెండు ముక్కలు రాయమనండి: ఈరోజు ఎన్ని డౌట్లు తీసుకెళ్లావు, ఎన్నింటికి జవాబు దొరికింది. మామూలు నెలల్లో రెండు వారాలు, పరీక్షలకు ముందు రెండు వారాలు ఎంచుకుంటే మేలు. "ఇరవై పనిదినాల్లో 14 రోజులు డౌట్ సెషన్ జరిగింది, 31 డౌట్లలో 19కి అదే రోజు జవాబొచ్చింది, 5కి వారంలో వచ్చింది, మిగతావి వదిలేశాం" అన్న ఒక్క వాక్యం పది నక్షత్రాల కన్నా విలువైనది. పిల్ల మొహమాటం వల్ల అడగకపోతే ఆ సంగతీ రాయండి. అది సంస్థ తప్పు కాకపోవచ్చు, కానీ చదివేవాళ్లకు తమ పిల్ల కూడా మొహమాటస్తురాలైతే ఏమవుతుందో తెలుస్తుంది.

హాస్టల్ పిల్లలైతే మరో చిట్టా కావాలి. స్టడీ అవర్లు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తాయి, నెలకు ఎన్ని రోజులు ఇంటికి పంపుతారు, జ్వరం వస్తే ఎన్ని గంటల్లో ఇంటికి ఫోన్ వచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు ఐదు గంటలకు మించి క్లాసులు వద్దనీ, వారానికో సెలవు ఉండాలనీ, ఆ సెలవు మర్నాడు పరీక్ష పెట్టకూడదనీ ఉంది. 16 ఏళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దనీ ఉంది. మన క్యాంపస్‌లలో ఇవి ఎంతవరకు జరుగుతున్నాయో అందరికీ తెలుసు. రివ్యూలో దీన్ని ఆరోపణలా కాకుండా సమాచారంగా రాస్తే చాలు: "ఆదివారం సెలవు నెలకు రెండే, సోమవారం పొద్దున టెస్ట్ ఉంటుంది."

ఫీజు: చెప్పింది ఎంత, కట్టింది ఎంత

ఇంటికొచ్చిన పీఆర్ఓ చెప్పిన అంకె, ఏడాది చివర మీ బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేలిన అంకె, రెండూ రాయాలి. మన ఉదాహరణలో మొదటి ఏడాదికి చెప్పింది రూ. 2,10,000. తర్వాత రిజిస్ట్రేషన్‌కు 10,000, మెటీరియల్‌కు 14,000, యూనిఫాం, లాండ్రీకి 9,000, ఆన్‌లైన్ టెస్ట్ సిరీస్‌కు 5,000. మొత్తం 2,48,000. అంటే 38,000 అదనం. రెండో ఏడాది ఫీజు పెంచారా, పెంచుతామని ముందే కాగితం మీద రాశారా అన్నది కూడా చెప్పాలి. కోచింగ్‌పై 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి, చెప్పిన అంకెలో అది కలిసి ఉందో లేదో అడిగి రాయండి. రెండు సంస్థల ఫీజులను పోల్చేవాళ్లు ఎక్కువగా ఇక్కడే తప్పటడుగు వేస్తారు.

బేరమాడి తగ్గించుకుని ఉంటే దాచకండి. ఒకే బ్యాచ్‌లో ముగ్గురు మూడు ఫీజులు కట్టే రంగం ఇది. మీరు కట్టింది తెలిస్తే తర్వాతివాళ్లు అక్కడినుంచి బేరం మొదలుపెడతారు.

మధ్యలో మానేసినవాళ్ల అనుభవం మీకు తెలిస్తే అది అన్నిటికన్నా విలువైనది. 2024 మార్గదర్శకాల ప్రకారం, ఫీజు పూర్తిగా కట్టి మధ్యలో వెళ్లే విద్యార్థికి మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. మార్గదర్శకాలను రాష్ట్రాలు చట్టంగానో నిబంధనగానో తెచ్చుకుంటేనే వాటికి పదును వస్తుంది. కాబట్టి మీ దగ్గర నిజంగా ఏం జరిగిందో రాయండి: ఎప్పుడు అడిగారు, ఎంత వెనక్కి వచ్చింది, ఎన్ని రోజులకు, టీసీ ఇవ్వడానికి మెలిక పెట్టారా.

ఎప్పుడు రాయాలి, ఏమి రాయకూడదు

ఫలితాలొచ్చిన రోజు రాసిన రివ్యూకి విలువ తక్కువ. ర్యాంకు వస్తే గతమంతా తియ్యగా కనిపిస్తుంది, రాకపోతే ప్రతి లోపమూ కారణంగా కనిపిస్తుంది. దీనికి ఒక మందుంది. రివ్యూను రెండుసార్లు రాయండి. ఆరో నెల చివర, ఫలితమేమిటో ఎవరికీ తెలియనప్పుడు మొదటి ముసాయిదా రాసి తేదీ వేసి పెట్టుకోండి. ఫలితాలొచ్చిన నెల రోజులకు రెండోది రాయండి. రెండింటికీ తేడా ఉన్నచోట మనసు మారిందా, సంగతులే మారాయా అన్నది చూసుకోండి. మొదటిదానిలో "డౌట్ సెషన్లు బాగా జరుగుతున్నాయి" అని ఉండి, ర్యాంకు రాకపోయాక రెండోదానిలో "ఎవరూ పట్టించుకోలేదు" అని రాయబోతుంటే చెయ్యి ఆపాలి.

మీకున్న సంబంధాలను ముందే చెప్పండి. ఫీజు రాయితీకి బదులుగా రివ్యూ రాయమన్నారా? బంధువులెవరైనా అక్కడ పనిచేస్తున్నారా? స్నేహితుల్ని చేర్పిస్తే తగ్గింపు ఇచ్చారా? ఆన్‌లైన్ రివ్యూలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022లో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని తెచ్చింది. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు ఎంత మామూలైపోయాయో చెప్పడానికి ప్రమాణం దాకా రావాల్సి వచ్చిందన్న విషయమే చాలు.

ప్రకటనల్లోని టాపర్ల గురించి రాసేటప్పుడు కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు అక్కరకొస్తాయి. విజేత ఫొటో వాడాలంటే ఎంపికయ్యాక ఆ విద్యార్థి రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ర్యాంకుతో పాటు ఏ కోర్సు, ఎంతకాలం, డబ్బు కట్టి చదివిందా కాదా అన్నది ప్రకటనలో ఉండాలి. చివరి నెల టెస్ట్ సిరీస్ మాత్రమే రాసిన పిల్లవాణ్ని రెండేళ్ల విద్యార్థిగా చూపడాన్ని అరికట్టడానికే ఇది. మీ బ్రాంచి గోడ మీది ఫొటోల్లో ఎందరు నిజంగా ఆ బ్యాచ్‌లో చదివారో మీ పిల్లకు తెలుసు. "ఫ్లెక్సీలో ఉన్న పదిమందిలో నలుగురు మా బ్యాచ్‌వాళ్లు, మిగతావారిని మా పాప చూడలేదు" అని రాయండి. "మిగతా ఆరుగురూ నకిలీ" అని రాయకండి. వాళ్లు ఇంకో బ్యాచ్‌లో, ఇంకో క్యాంపస్‌లో చదివి ఉండొచ్చు.

అక్కడే చట్టం సంగతి కూడా వస్తుంది. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద ఉంది. ప్రజాప్రయోజనం కోసం చెప్పిన నిజానికీ, సదుద్దేశంతో చెప్పిన అభిప్రాయానికీ మినహాయింపులున్నాయి. "దొంగలు" అన్న మాటకు రుజువు చూపడం కష్టం. "రూ. 62,000 వెనక్కి అడిగాం, 75 రోజులకు 20,000 ఇచ్చారు" అనేదానికి రసీదు చాలు. తిట్టు తీసేసి అంకె పెడితే రివ్యూకి బలం పెరుగుతుంది, రాసినవాళ్లకు భయమూ తగ్గుతుంది. మాస్టార్ల పేర్లు, తోటి పిల్లల పేర్లు, పేర్లున్న ర్యాంకు లిస్టుల స్క్రీన్‌షాట్లు పెట్టకండి. వెనకబడిన పిల్లవాడి పేరు పదిమందికీ కనిపించడం వాడికి అన్యాయం.

రాశాక ఎలా ఉంటుంది

ఆ గుంటూరు తండ్రి కోపంలో రాసిన మొదటి మాట ఇలా ఉంది: "వేస్ట్ కాలేజీ. డబ్బు తప్ప ఏమీ పట్టదు. ఫ్యాకల్టీ మారిపోతూనే ఉంటారు. ఎవరూ చేర్చకండి." పై చిట్టాలు చూసుకుని, నెల తర్వాత తిరిగి రాస్తే ఇలా తయారవుతుంది:

"హైదరాబాద్ క్యాంపస్, రెండేళ్ల జేఈఈ ఇంటిగ్రేటెడ్, హాస్టల్, 2023–25. స్క్రీనింగ్ టెస్ట్ ద్వారా చేరాం, ఫీజులో రాయితీ లేదు. సంస్థతో మాకు వేరే సంబంధం లేదు. బ్యాచ్‌లో మొదట 120 మంది, చివర 71 మంది. 38 మంది అడ్వాన్స్‌డ్‌కు అర్హత పొందారని క్యాంపస్ చెప్పింది. బ్యాచ్ మారిన 49 మంది ఫలితాలు మాకు తెలియవు. ఫిజిక్స్ మాస్టారు రెండుసార్లు మారారు. కెమిస్ట్రీ, మ్యాథ్స్‌కు రెండేళ్లూ ఒకరే చెప్పారు, ఆ రెండు సబ్జెక్టుల్లో మెటీరియల్, టెస్టుల విశ్లేషణ బాగున్నాయి. సిలబస్ నవంబర్ 15 అన్నారు, డిసెంబర్ 28కి అయింది. నాలుగు వారాలు లెక్కపెట్టాం: 31 డౌట్లలో 19కి అదే రోజు జవాబు. మొదటి ఏడాది చెప్పిన ఫీజు 2,10,000, కట్టింది 2,48,000. పాపకు జ్వరం వచ్చినప్పుడు అదే సాయంత్రం ఫోన్ చేశారు. మా పాప అర్హత పొందలేదు. తనంతట తాను చదువుకుని, అడగడానికి మొహమాటపడని పిల్లలకు సరిపోవచ్చు. వెంటపడి చదివించాల్సిన పిల్లలకు ఈ బ్యాచ్ పెద్దదని మా అభిప్రాయం."

ఇందులో పొగడ్త ఉంది, ఫిర్యాదు ఉంది, పాపకు ర్యాంకు రాలేదన్న నిజమూ ఉంది. చివరి రెండు వాక్యాలే అభిప్రాయం, అది అభిప్రాయమని చెప్పి మరీ రాశారు. తోడల్లుడు కూడా ఇదే వరసలో తన రెండో సంస్థ గురించి రాస్తే, వచ్చే ఏప్రిల్‌లో ఫోన్ చేసే చెల్లెలు రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చదువుకోగలదు. పెట్టే ముందు ఒకసారి క్యాంపస్‌కు ఈమెయిల్ పంపి, "మా అంకెల్లో తప్పుంటే చెప్పండి" అని అడిగితే ఇంకా మేలు. జవాబొస్తే దాన్నీ కింద చేర్చాలి. వారం దాటినా రాకపోతే, అడిగిన తేదీ రాసి, జవాబు రాలేదని రాయాలి.